మాథేరాన్‌లో మొదటిసారి గుర్రం ఎక్కుతున్నారా? వ్యూ పాయింట్ల లిస్టు కంటే ముందు గుర్రాన్ని చూడండి

హార్స్ రైడింగ్ అస్సలు రాని వాళ్ళు ఫ్యామిలీతో రెండు రోజులు గుర్రాల మీద తిరిగి రావాలంటే నేనైతే మహారాష్ట్రలో ముంబై దగ్గరున్న కొండ ఊరు మాథేరాన్ చెప్తాను. కారణం సింపుల్, అక్కడ దస్తూరీ నాకా దాటాక కార్లు బైకులు రానివ్వరు. ఈ-రిక్షాలు వచ్చాయి గానీ మిగతా ఊళ్ళలాగా వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చే ట్రాఫిక్ లేదు. కొత్తగా ఎక్కినవాళ్ళకి గుర్రం బెదరడం అన్నదే పెద్ద ప్రమాదం, బెదరడానికి మామూలుగా ఎక్కువ కారణం బండ్లే. ఊరు సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి కొండల్లో ఊపిరాడకపోవడం లాంటి గొడవ మనకీ లేదు, గుర్రానికీ లేదు. హైదరాబాద్ నుంచి ముంబై వైపు ట్రైన్‌లో వెళ్ళి నేరళ్ చేరితే అక్కడ నుంచి దస్తూరీ దాకా టాక్సీలుంటాయి. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పను, ఈ పోస్ట్ మొత్తం గుర్రం గురించే.

ముందు నెల చూసుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వెళ్ళండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాథేరాన్ పచ్చగా భలే ఉంటుంది, మేఘాలు దారి మీదకే వచ్చేస్తాయి, నడిచి తిరిగేవాళ్ళకి అదే బెస్ట్ టైమ్ అంటే నేను కాదనను, కానీ గుర్రం ఎక్కడానికి మాత్రం వద్దు. అక్కడి నేల ఎర్రటి లాటరైట్, మన దగ్గర కంకర కలిసిన ఎర్రమట్టిలాంటిదే, ఎండినప్పుడు గిట్టకి పట్టు బానే ఇస్తుంది, నాలుగు వానలు పడ్డాక పైన సన్నటి జారుడు పొర వస్తుంది, రాళ్ళ మీద పాచి పడుతుంది. ఇనుప లాడం వేసిన గిట్ట పాచి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. నేరళ్ నుంచి దస్తూరీ దగ్గరున్న అమన్ లాడ్జ్ స్టేషన్ దాకా వచ్చే టాయ్ ట్రైన్‌ని కూడా వానాకాలంలో ఆపేస్తారు, అదొక్కటి చాలు అక్కడ వాన ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో సమస్య. ఎర్రదుమ్ము లేస్తుంది, స్కూల్ సెలవులు కాబట్టి జనం విపరీతం, గుర్రానికి ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య గ్యాప్ ఉండదు. దీపావళి వారం, లాంగ్ వీకెండ్లు కూడా అంతే. వీలైతే సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి, పొద్దున్నే ఎక్కండి. సాయంత్రం ఎక్కే గుర్రం అప్పటికే ఎన్ని రౌండ్లు కొట్టి వచ్చిందో మీకు తెలీదు. పని చేసే జంతువుల గురించి 1965లో కేంద్రం తెచ్చిన రూల్స్ ఉన్నాయి, వాటి ప్రకారం బండి లాగే, బరువు మోసే జంతువుతో రోజుకి మొత్తం 9 గంటలు దాటి పని చేయించకూడదు, రెస్ట్ లేకుండా వరసగా 5 గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్యలో అసలు పెట్టకూడదు. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంటే చాలు, "ఇవాళ ఎన్నింటికి మొదలెట్టారు, ఇది ఎన్నో రౌండు" అని మామూలుగా అడగండి, ఎదురు జవాబు ఎంత తొందరగా వస్తుందో చూడండి.

గుర్రం ఎంత మోస్తుందో లెక్క వేయడం

ఇది చాలామంది చేయరు, నేను కూడా మొదటి రెండు ట్రిప్పుల్లో చేయలేదు. గుర్రం తన బరువులో సుమారు 20 శాతం దాకా హాయిగా మోస్తుంది, అందులో జీను బరువు కూడా కలిపే లెక్క. 25 శాతం దాటితే కండరాలు నొప్పులు పడతాయని, గుండె వేగం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. మరి గుర్రం బరువు ఎలా తెలుస్తుంది అంటే, టైలర్ టేపు ఒకటి బ్యాగులో వేసుకోండి, మీటరున్నర టేపు చాలదు, రెండు మీటర్లది కావాలి. ముందు కాళ్ళ మోచేతుల వెనకాల నుంచి, మెడ కింద వీపు మొదట్లో ఎత్తుగా ఉండే మూపు వెనక మీదుగా పొట్ట చుట్టూ కొలవండి, అది చుట్టుకొలత. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిర్ర వెనక ఎముక దాకా పొడవు. రెండూ సెంటీమీటర్లలో. లెక్క ఇదీ:

```
బరువు (కిలోలు) = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 11877
```

మొన్న జనవరిలో మా అక్క, బావ, మేనకోడలితో వెళ్ళినప్పుడు దస్తూరీలో ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని చూశాం. చుట్టుకొలత 158, పొడవు 145 వచ్చింది. లెక్క వేస్తే దాదాపు 305 కిలోలు. అందులో 20 శాతం 61. జీను, దుప్పటి, రికాబులు అన్నీ కలిపి 9 కిలోలు అనుకుంటే మిగిలింది 52. మేనకోడలు 34 కిలోలు, తను నిశ్చింతగా ఎక్కొచ్చు. అక్క 54, కొంచెమే ఎక్కువ, చదునైన దారిలో గంటసేపు ఓకే. నేను 61, జీనుతో కలిపి 70, అంటే 23 శాతం, ఎక్కినా గుర్రం పడిపోదు గానీ కొండ దారిలో అవసరమా అని నేను నడిచాను. బావ 84. జీనుతో కలిపితే 93, 30 శాతం దాటింది. ఘోడేవాలా మాత్రం "కుఛ్ నహీ హోగా సాబ్, వంద కిలోలవాళ్ళని కూడా ఎక్కిస్తాం" అన్నాడు. బావ టేపు చూసి, గుర్రాన్ని చూసి, "వద్దులే, నేను పక్కన నడుస్తా" అన్నాడు, ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది నాకు. అదే 1965 రూల్స్‌లో పోనీ మోసే బరువుకి 70 కిలోలు అని లిమిట్ పెట్టారు, అది సామాన్ల గురించే అయినా సామాను కదలకుండా ఉంటుంది, కొత్త మనిషి మాత్రం జీను మీద అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, కాబట్టి నా ఉద్దేశంలో 70 దాటినవాళ్ళు చిన్న గుర్రాన్ని అడగకపోవడమే మంచిది. పెద్ద గుర్రం ఉంటే కొలిచి చూడండి, లేకపోతే నడవండి, మాథేరాన్ నడవడానికి చాలా బాగుంటుంది.

ఇద్దరు ఒక గుర్రం మీద, లేదా పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఎక్కడం అసలు వద్దు. పడితే ఇద్దరూ పడతారు, పైనున్నవాళ్ళ బరువు పిల్ల మీద పడుతుంది.

ఇప్పుడు గుర్రాన్ని చూడండి, ఐదు నిమిషాలు

టేపు కంటే ముందు మీరు చేయాల్సింది దూరం నుంచి నిలబడి చూడడం. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేత్తో తడిమితే మాత్రం తగలాలి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతుంటే దగ్గరకి వెళ్ళకండి, మనుషులకి కూడా అంటుకునే గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల్లో ఉంది, అన్ని చీమిళ్ళూ అదే కాదు గానీ మనకి తేడా తెలీదు కదా.

తర్వాత ఘోడేవాలాని గుర్రాన్ని పది అడుగులు నడిపించమని అడగండి, ఎవరూ ఎక్కకుండా. తల వైపే చూడండి. నడకలో తల ఒకే లయలో కదలాలి. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేల మీద పెట్టినప్పుడల్లా తల పైకి ఎత్తుతుంది, మంచి కాలు పెట్టినప్పుడు తల కిందికి దించుతుంది. ఇది తెలిస్తే చాలు, కుంటిని పట్టేయొచ్చు. చెవులతో కూడా వినండి, నాలుగు కాళ్ళ చప్పుడు సమానంగా ఉండాలి, ఒక లాడం మాత్రం టక్కుమని కాకుండా గలగలా అంటుంటే అది వదులయింది, మేకులు ఊడిపోతున్నాయి. ఆ గుర్రం వద్దు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది జీను కింద వీపు. ఇది అడగడానికి మొహమాటపడతారు, పడకండి, "భాయ్, ఒకసారి జీను తీసి వీపు చూపిస్తారా" అనండి. మూపు మీద, వీపు మధ్యలో తెల్లటి మచ్చలు కనపడతాయి ఒక్కోసారి. గుర్రం గోధుమరంగులో ఉండి అక్కడ మాత్రం గుప్పెడు తెల్ల వెంట్రుకలు ఉంటే, అవి పుట్టుకతో వచ్చినవి కాదు, ఎప్పుడో జీను ఒరిసి పుండు పడి మానాక వచ్చినవి. పాత మచ్చ ఒకటి ఉంటే ఏమీ అనలేం, పుండు పచ్చిగా ఉంటే మాత్రం వద్దని వచ్చేయండి. నేను రెండో ట్రిప్పులో ఒక నల్లగుర్రం ఎక్కాను, దిగేటప్పటికి జీను పక్కకి జరిగింది, కింద చూస్తే అరచేయంత చోట చర్మం లేచిపోయి తడిగా ఉంది, పైన గుడ్డ పెట్టి కప్పారు. గంటసేపు నేను దాని మీద కూర్చున్నాను. ఇంకెప్పుడూ వీపు చూడకుండా ఎక్కలేదు.

జీను మళ్ళీ వేశాక మూపు దగ్గర జీను వంపు కింద మీ రెండు మూడు వేళ్ళు దూరాలి, ఎక్కిన తర్వాత కూడా. జీను నేరుగా మూపు ఎముక మీద ఆనితే పుండు పడేది అక్కడే, అలా ఆననివ్వకూడదని రూల్స్‌లో కూడా ఉంది. పొట్ట కింద బెల్టు బిగించేటప్పుడు గుర్రం చెవులు వెనక్కి వంచి తోక విసిరి, కొరకడానికి తల తిప్పిందంటే దానికి ఎక్కడో నొప్పి ఉందని. కళ్ళెంలో నోటిలో పెట్టే ఇనుప ముక్క చూడండి, నున్నగా ఉండాలి, ముళ్ళు ఉండకూడదు, ముళ్ళ కళ్ళెం చట్టప్రకారమే నేరం. పెదాల మూలల్లో రక్తం, పుండు ఉంటే అదీ వద్దు.

మొత్తం ఐదు నిమిషాల పని. రెండు గుర్రాలకి వద్దన్నా మూడోది దొరుకుతుంది, అక్కడ గుర్రాలకి కొదవ లేదు. లైసెన్స్ ఉందా అని కూడా అడగండి.

దారి ఎంచుకోవడం

దస్తూరీ నుంచి మార్కెట్ దాకా రెండున్నర మూడు కిలోమీటర్ల ఎర్రమట్టి దారి, పెద్ద ఎత్తుపల్లాలు లేవు, మొదటి రైడ్‌కి చాలు. మర్నాడు పొద్దున మార్కెట్ దగ్గర నుంచి పేమాస్టర్ పార్క్ మీదుగా షార్లెట్ లేక్ వైపు వెళ్ళండి, చెట్ల నీడలో మెల్లగా దిగుతూ వెళ్తుంది, లేక్ దగ్గర గంటసేపు దిగి కూర్చోవచ్చు. ఎకో పాయింట్, లూయిసా పాయింట్ అక్కడ నుంచి దగ్గరే, కానీ అవి లోయ అంచులు. రెయిలింగ్ కనపడగానే గుర్రం దిగి నడిచి వెళ్ళండి. ఫొటో కోసం గుర్రం మీద ఉండి అంచు దగ్గర నిలబడడం, అదే టైమ్‌లో కోతి దూకడం, ఇవన్నీ అక్కడ జరిగేవే. వన్ ట్రీ హిల్ వైపు దారి బాగా దిగుడు, రాళ్ళు, అది గుర్రం మీద కొత్తవాళ్ళకి కాదు.

నేల ఎలా ఉందో చూడడానికి మీ బూటు వాడండి. దారి మీద నడిచి పాదం పక్కకి లాగి చూడండి, బూటు జారితే గుర్రం కూడా జారుతుంది. ఊళ్ళో కొన్ని చోట్ల పేవర్ బ్లాకులు వేశారు, గుర్రాలు వాటి మీద జారుతున్నాయని గుర్రాలవాళ్ళే కోర్టు దాకా వెళ్ళారు. అందుకే బ్లాకులున్న చోట, అందులోనూ దిగుడులో, తడిగా ఉంటే, దిగి నడవండి. ఎక్కుడులో ఒళ్ళు కొంచెం ముందుకి, దిగుడులో కొంచెం వెనక్కి, ఇంతే, ఎక్కువ వంగితే గుర్రం బ్యాలెన్స్ పోతుంది.

బేరం, అసలు కిటుకు ఇదే

పాయింట్లకి ఇంత అని బేరం ఆడకండి, గంటకి ఇంత అని ఆడండి. ఏడు పాయింట్ల ప్యాకేజీ అంటే ఘోడేవాలాకి తొందరగా ముగించి ఇంకో కస్టమర్‌ని పట్టుకోవాలి, అందుకే పరిగెత్తిస్తాడు, వెనక నుంచి కొడతాడు, గుర్రం ట్రాట్ అనే కుదుపుల పరుగు ఎత్తుకుంటుంది, మీరు ఎగిరెగిరి దాని వీపు మీద పడతారు. గంట లెక్క అయితే మెల్లగా నడిచినా అతనికి నష్టం లేదు. ముందే చెప్పేయండి, "చల్నా హై, దౌడానా నహీ, పగ్గం మీరే పట్టుకోవాలి". చెప్పినా పరిగెత్తిస్తే ఆపి దిగిపోండి. హెల్మెట్ లేకుండా దౌడు తీసే గుర్రం మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్న టూరిస్టులు మాథేరాన్‌లోనే ఉన్నారు. రైడింగ్ హెల్మెట్ దొరికితే కొనుక్కెళ్ళండి, లేకపోతే పిల్లల సైకిల్ హెల్మెట్ అయినా పట్టుకెళ్ళండి, ఖాళీ తల కంటే నయం. బైక్ హెల్మెట్ బరువు మెడకి మంచిది కాదు.

ఎక్కడం

చిన్న మడమ ఉన్న, అడుగు నున్నగా ఉండే బూట్లు వేసుకోండి. లావు ట్రెడ్ ఉన్న షూ రికాబులో ఇరుక్కుంటుంది, చెప్పులైతే కాలు పూర్తిగా లోపలికి జారిపోతుంది, రెండింటిలోనూ పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. చున్నీ, చీర కొంగు ఎగరకుండా దోపుకోండి. ఎక్కేముందు రికాబు పొడవు చూసుకోండి, పైన రికాబు బెల్టు మొదలైన చోట వేలికొనలు పెట్టి, రికాబు చంకలోకి వచ్చేలా ఉంటే మీకు సుమారుగా సరిపోయినట్టు. ఎడమ వైపు నుంచి, ఏదైనా అరుగు మీదో రాయి మీదో నిలబడి ఎక్కండి, నేల మీద నుంచి వేలాడుతూ ఎక్కితే జీను పక్కకి లాగి వెన్నెముక నొక్కుకుంటుంది. రికాబులో పాదం ముందు భాగం మాత్రమే, మడమ కిందికి. పగ్గం చేతికి చుట్టుకోవద్దు. భయమేస్తే జూలు పట్టుకోండి, దానికి నొప్పి ఉండదు. కాళ్ళు బిగించి నొక్కితే "ముందుకెళ్ళు" అని దానికి అర్థమవుతుంది, భయంలో అందరం చేసే తప్పు అదే, కాళ్ళు వదులుగా వేలాడనివ్వండి.

వెళ్ళే ముందు ఇంటి దగ్గర రైడింగ్ స్కూల్ ఏదైనా ఉంటే రెండు మూడు క్లాసులకి వెళ్ళండి, దిగడం ఎలాగో వస్తే సగం భయం పోతుంది. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేసి, ఆ తర్వాతే కుడికాలు వెనక నుంచి తిప్పి దిగాలి, ఒక కాలు రికాబులో ఉంచి దిగకండి. టెటనస్ ఇంజెక్షన్ టైమ్ దాటిపోయి ఉంటే ముందే వేయించుకోండి.

మధ్యలో, దిగాక

అరగంటకోసారి దిగండి. ఎక్కుడు తర్వాత నిలబడి గుర్రం డొక్క చూడండి, ఎంత వేగంగా కొట్టుకుంటుందో. తీరిగ్గా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, ఎక్కుడులో అది బాగా పెరుగుతుంది, తప్పులేదు, కానీ నీడలో పది పదిహేను నిమిషాలు నిలబెట్టాక తగ్గాలి. తగ్గకపోతే ఇక ఎక్కకండి, నడిచి వెనక్కి రండి, డబ్బులు పూర్తిగా ఇచ్చేయండి, లేకపోతే అతను దాన్ని వెంటనే ఇంకొకరికి ఇస్తాడు.

వేడెక్కిన గుర్రానికి నీళ్ళు పెట్టకూడదు అని చాలామంది అంటారు, అది పాత నమ్మకం. కొంచెం కొంచెం చొప్పున మధ్యలో గ్యాప్ ఇస్తూ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. మన పిల్లలు ప్రేమగా బిస్కెట్లు, చిప్స్, బ్రెడ్ పెడుతుంటారు, వద్దని చెప్పండి. గుర్రం వాంతి చేసుకోలేదు, పడనిది లోపలికి పోతే పొట్ట ఉబ్బి నొప్పితో పడి దొర్లుతుంది, దాన్నే కోలిక్ అంటారు, ప్రాణం మీదకి వస్తుంది. పెట్టాలంటే ఘోడేవాలాని అడిగి క్యారెట్ పెట్టండి, గుండ్రంగా కోయకండి గొంతులో అడ్డుపడుతుంది, పొడవుగా చీల్చి, అరచేయి చదునుగా పెట్టి.

దిగాక జీను తీసే దాకా వెళ్ళిపోకండి. మేము వచ్చిన రోజు ఆఖరికి ఆ గోధుమరంగు గుర్రం జీను తీయించాం. వీపంతా ఒకేలా చెమటతో తడిసి ఉండాలి. మధ్యలో ఎక్కడైనా పొడిగా ఒక చోట ఉంటే, అక్కడ జీను గట్టిగా నొక్కి చెమట కూడా పట్టనివ్వలేదని అర్థం, రేపు అక్కడే పుండు పడుతుంది. దాని వీపు మీద ఎడమ పక్క మూపు కింద అర్ధరూపాయంత పొడి చుక్క కనపడింది. నేను చూపిస్తే ఘోడేవాలా ముందు కొట్టిపారేశాడు, తర్వాత వేలు పెట్టి నొక్కాడు, గుర్రం చర్మం వణికించింది. అతను ఏమీ మాట్లాడకుండా దుప్పటి తిరగేసి చూశాడు, అక్కడ గుడ్డ మడత పడి గట్టిగా ముడి కట్టి ఉంది. మర్నాడు పొద్దున మేము షార్లెట్ లేక్‌కి వెళ్తుంటే కొత్త దుప్పటి వేసి తీసుకొచ్చాడు, బావ నడుస్తూ పక్కనే, మేనకోడలు పైన, జూలు రెండు చేతులా పట్టుకుని.